నోటీసు ఇవ్వబోయే ముందు రాత్రి నాకు పడిన 54వ హెక్సాగ్రామ్

సింగపూర్‌లో రిజిస్టర్ పెళ్ళి చేసుకోవాలంటే కనీసం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇప్పుడది ఆన్‌లైన్‌లోనే ఇచ్చేయొచ్చు. 2023లో ఒక గురువారం రాత్రి ఆ ఫారం సగం నింపి, ల్యాప్‌టాప్ పక్కకి జరిపి, వంటగదిలో బల్ల మీద మూడు నాణేలు పెట్టుకుని కూర్చున్నాను. మిగతాది మర్నాడు ఇద్దరం కలిసి నింపి పంపేద్దామని అతను అన్నాడు. మా పరిచయం ప్రేమగా మారి అప్పటికి నాలుగు నెలలు.

నాది రాజమండ్రి. అప్పటికి నాకు 29 ఏళ్ళు, సింగపూర్ వచ్చి ఆరేళ్ళు. తోవా పాయోలో ఒక హెచ్‌డీబీ ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకుని ఉండేదాన్ని. ఇంటావిడ చైనీస్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఇక్కడ పెద్దవాళ్ళని అందరూ పిలిచినట్టే నేనూ ఆవిడని ఆంటీ అనేదాన్ని. ఆదివారాలు ఆవిడ పక్కన కూర్చుని ఐ చింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. అది చైనా వాళ్ళ పాత జోస్యపు పుస్తకం. నాణేలు వేసి ఆరు గీతలు పేర్చుకుంటే వచ్చే బొమ్మని హెక్సాగ్రామ్ అంటారు. అలాంటివి 64, ఒక్కోదానికీ ఒక తీర్పు వాక్యం, ఒక్కో గీతకీ ఒక మాట ఉంటాయి. మా నాయనమ్మ ఊరికి వెళ్ళాలన్నా పంచాంగం తీసేది. అందుకని ఇలాంటివాటి మీద నాకు చిన్నప్పటినుంచీ గౌరవమే. కాకపోతే ఐ చింగ్‌లో నన్ను పట్టేసింది జోస్యం కాదు. అది మన పరిస్థితికి ఒక బొమ్మ గీసి చూపిస్తుంది, అందులో మనం ఎక్కడ నిలబడ్డామో మనమే వెతుక్కోవాలి.

అతనిది హైదరాబాద్. 43 ఏళ్ళు. మా డిపార్ట్‌మెంట్ హెడ్, నా టీమ్ మొత్తం అతని కిందే. ఏడేళ్ళ కిందట విడాకులయ్యాయి. మంచి మనిషి, నన్ను నవ్వించేవాడు, నేను చెప్పేది శ్రద్ధగా వినేవాడు. అతను నన్ను 'నువ్వు' అనేవాడు, నాకు మాత్రం 'మీరు' నోట్లోంచి పోలేదు. అప్పుడప్పుడు 'సర్' అని కూడా వచ్చేసేది, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఒకరి కింద ఒకరు పనిచేసే ఇద్దరు పెళ్ళి చేసుకుంటే మా ఆఫీసులో ఒప్పుకోరు. కాబట్టి ఒకరు మానేయాలి. ఎవరన్నది మా మధ్య చర్చకే రాలేదు, నేనేనని ఇద్దరికీ ముందే తెలిసినట్టు మాట్లాడుకున్నాం. ఉద్యోగం మానేస్తే నా ఎంప్లాయ్‌మెంట్ పాస్ రద్దవుతుంది. పెళ్ళయ్యాక అతని మీద డిపెండెంట్ పాస్ తీసుకోవాలి. 2021 మే నుంచి ఆ పాస్ మీద ఉన్నవాళ్ళు ఉద్యోగం చేయాలంటే కొత్త కంపెనీయే వాళ్ళ పేరున మళ్ళీ విడిగా వర్క్ పాస్ తీయాల్సిందే, పాతరోజుల్లోలా అనుమతి కాగితం ఒకటి తెచ్చుకుంటే సరిపోదు. ఇక ఇంట్లోవాళ్ళ సంగతి 'ముందు రిజిస్టర్ అయిపోనీ, తర్వాత నెమ్మదిగా చెబుదాం' అన్నాడు. నాకు అది కూడా రొమాంటిక్‌గానే అనిపించింది.

ఇక నాణేల పద్ధతి. మూడు నాణేలు ఒకేసారి వేయాలి, అలా ఆరుసార్లు. ఆంటీ ఇచ్చినవి మధ్యలో చదరపు చిల్లున్న పాత చైనా నాణేలు. నాలుగు అక్షరాలున్న వైపు పడితే 2, రెండో వైపు పడితే 3. కొందరు దీన్ని తిరగేసి లెక్కపెడతారు. ఏదైనా పరవాలేదు, వేసే ముందే అనుకుని దాన్ని మార్చకూడదు. మొత్తం 7 వస్తే నిండు గీత, అంటే యాంగ్. 8 వస్తే మధ్యలో విరిగిన గీత, యిన్. 9 కూడా నిండు గీతే, 6 కూడా విరిగిన గీతే, కానీ ఈ రెండూ మారబోతున్న గీతలు. నాణేలు వేసిన ప్రతిసారీ మారే గీత పడే అవకాశం నాలుగింట ఒకటి. గీతలు కింద నుంచి పైకి పేర్చుకుంటూ పోవాలి.

నాకు పడినవి వరసగా 7, 7, 6, 9, 8, 8. కింద మూడు గీతలు కలిస్తే సరస్సు అనే గుర్తు, పై మూడూ ఉరుము. సరస్సు మీద ఉరుము అంటే 54వది, గ్వేయ్ మేయ్. జర్మన్ పండితుడు రిచర్డ్ విల్హెల్మ్ అనువాదం ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దీనికి పెట్టిన పేరుకి అర్థం 'పెళ్ళయి వెళ్తున్న పిల్ల'. మూడో గీత, నాలుగో గీత మారేవి. అవి రెండూ మారితే కింద ఆకాశం, పైన భూమి అవుతుంది. అది 11వది, థాయ్. పేరు 'శాంతి'.

పెళ్ళి గురించి అడిగాను, పెళ్ళి పేరే వచ్చింది, చివర శాంతి వచ్చింది. ఒళ్ళు జల్లుమంది. 54వదాని కింద తీర్పు వాక్యం చదివాను: 'ముందుకు వెళ్తే చేటు, ఏ విధంగానూ లాభం లేదు.' మొత్తం పుస్తకంలో ఇంత కటువుగా మాట్లాడేవి చాలా తక్కువ. దాన్ని గబగబా దాటేసి 11 దగ్గరికి పోయాను. 'చిన్నది వెళ్తుంది, పెద్దది వస్తుంది, శుభం' అని ఉంది. కష్టం ముందు, శాంతి తర్వాత అని నాకు నేనే సర్దిచెప్పుకుని అతనికి మెసేజ్ పెట్టాను, 'శాంతి వచ్చింది' అని. అయినా ఏదో గుచ్చుతూనే ఉంది. పావుగంట ఆగి మళ్ళీ వేశాను. ఈసారి ఇంకేదో వచ్చింది, దానికి తలా తోకా దొరకలేదు.

పొద్దున్నే ఆంటీ కాఫీ కలుపుకుంటుంటే రెండు కాగితాలూ ముందు పెట్టాను. ఆవిడ రెండో కాగితం చూడకుండానే మడిచి పక్కన పెట్టేసింది. ఐ చింగ్‌లో నాలుగో హెక్సాగ్రామ్ ఈ మాటే చెబుతుందట: మొదటిసారి అడిగితే చెబుతాను, రెండోసారీ మూడోసారీ అడగడం అమర్యాద, అమర్యాద చేస్తే చెప్పను. తర్వాత 'ఏమని అడిగావు?' అంది. 'మా పెళ్ళి బాగుంటుందా అని' అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. బాగుంటుందా అన్నది కోరికే తప్ప ప్రశ్న కాదంది. ఏం చేయబోతున్నావో, ఎప్పుడు చేయబోతున్నావో అందులో ఉండాలి. నేను నిజానికి చేయబోతున్నది ఈ రోజు నోటీసు ఇవ్వడం, ఈ నెల రాజీనామా చేయడం. నాణేలు జవాబిచ్చింది దానికే అనుకుని చదువుదాం అంది.

ముందు బొమ్మ చూడమంది. సరస్సు గుణం సంతోషం, ఉరుము గుణం కదలిక. లోపల సంతోషం పుట్టింది, బయట వెంటనే అడుగు పడింది. ఈ రెంటికీ మధ్య ఆలోచన ఉండాల్సిన చోటు ఖాళీ. పాత వ్యాఖ్యానం ఈ హెక్సాగ్రామ్‌ని 'సంతోషంతో కదలడం' అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. పైగా సరస్సు అంటే ఇంట్లో అందరికంటే చిన్న కూతురు, ఉరుము అంటే పెద్ద కొడుకు. వయసూ స్థాయీ సమానం కాని జత. ఈ రెండూ కలిసే ఈ హెక్సాగ్రామ్ అయింది, తొందరపాటూ అసమానతా. అదే వ్యాఖ్యానం పెళ్ళిని తిట్టడం లేదని కూడా చెప్పింది ఆంటీ. ఆడా మగా కలవడం ఆకాశానికీ భూమికీ మధ్య ఉన్న గొప్ప ధర్మమని అక్కడే రాసి ఉంది. చేటు అన్నది ప్రేమకి కాదు, ఈ రకంగా బయల్దేరడానికి.

ఎందుకు చేటో గీతల్లోనే కనపడుతుంది. ఐ చింగ్ లెక్కలో 1, 3, 5 స్థానాలు యాంగ్‌వి, 2, 4, 6 యిన్‌వి. గ్వేయ్ మేయ్‌లో మధ్యలో ఉన్న నాలుగు గీతలూ, అంటే 2 నుంచి 5 దాకా, ఒక్కటీ తన చోట లేదు. వ్యాఖ్యానంలో 'ముందుకు వెళ్తే చేటు, ఎందుకంటే స్థానాలు సరైనవి కావు' అన్నది దీని గురించే. ఆంటీ పెన్సిల్‌తో నాలుగింటి పక్కనా చిన్న చిన్న చుక్కలు పెట్టింది. నేను ఏడాదిగా నేర్చుకుంటూ కూడా ఆ రాత్రి ఇది చూడలేదు. పేరు చూసి మురిసిపోయాను.

తర్వాత మూడో గీత. ఇక్కడ చైనా వాళ్ళ పాత ఆచారం ఒకటి తెలియాలి. జోవు వంశం కాలంలో గొప్ప ఇళ్ళల్లో ఆడపిల్లని అత్తవారింటికి పంపేటప్పుడు ఆమెతో పాటు చెల్లెళ్ళనో దగ్గరి బంధువుల పిల్లలనో పంపేవాళ్ళు. వాళ్ళని 'తీ' అంటారు. నేను మన తోడుపెళ్ళికూతురు లాంటిదేమో అనుకున్నాను. కాదు. తోడుపెళ్ళికూతురు పెళ్ళి చూసి ఇంటికి వచ్చేస్తుంది. 'తీ' అక్కడే ఉండిపోతుంది, రెండో స్థానపు భార్యగా. మూడో గీత ఇలా అంటుంది: 'పెళ్ళికూతురు ఎదురుచూస్తూ ఉంది, తిరిగి వచ్చి తీ అయి వెళ్ళింది.' 'ఎదురుచూడటం' అన్న ఆ అక్షరానికి 'దాసి' అని అర్థం చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఎలా చదివినా విషయం ఒకటే. కోరుకున్న స్థానం దొరకలేదు, ఆ సంతోషం వదులుకోలేక తక్కువ స్థానానికి ఒప్పుకుంది.

నాకు కోపం వచ్చింది. మూడు వేల ఏళ్ళ కిందటి ఆడవాళ్ళ బతుకుని తెచ్చి నా మీద పెడితే ఎలా అన్నాను. ఇప్పటికీ ఆ కోపం తప్పనుకోను. ఆ పాఠం ఆడది కింద ఉండటాన్ని మామూలు విషయంగా తీసుకునే మాట్లాడుతుంది. ఆంటీ దానికి అడ్డు చెప్పలేదు. దీన్ని ఆడ, మగ అని చదవొద్దు, స్థానం అని చదువు అంది. ఏ బేరంలోనైనా, ఏ ఉద్యోగంలోనైనా, షరతులు అవతలివాళ్ళు రాస్తుంటే లోపలికి అడుగుపెట్టేవాళ్ళు ఆ పెళ్ళికూతురే. మగవాడికి కూడా ఈ హెక్సాగ్రామ్ పడొచ్చు. తక్కువ స్థానమని తెలిసి, కళ్ళు తెరిచి ఒప్పుకున్నవాళ్ళకి ఇదే హెక్సాగ్రామ్‌లో మొదటి గీత శుభమే చెబుతుంది, 'కుంటివాడైనా నడవగలడు' అని. నాకు పడింది మొదటి గీత కాదు.

అప్పుడు ఒక కాగితం ఇచ్చి మధ్యలో గీత గీయమంది. ఎడమవైపు నేను వదులుకునేవి, కుడివైపు అతను వదులుకునేవి. ఎడమవైపు చకచకా నిండిపోయింది: ఉద్యోగం, సొంత పాస్, జీతం, ఈ గది, మా అమ్మానాన్నలతో అబద్ధం లేకుండా మాట్లాడటం. కుడివైపు రాయడానికి పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి 'ఒంటరితనం' అని రాశాను. రాశాక అది వదులుకోవడం ఎలా అవుతుందని కొట్టేశాను. కాఫీ చల్లారిపోయింది. ఆంటీ ఏమీ అనలేదు, లేచి కప్పు కడుక్కుని వచ్చింది.

నాలుగో గీత నాకు అసలు సమాధానం. రెండు గీతలు మారినప్పుడు మొదటి హెక్సాగ్రామ్‌లోని ఆ రెండు గీతల మాటలూ చదవాలి, వాటిలో పైదాన్ని ముఖ్యంగా తీసుకోవాలి. ఇది 12వ శతాబ్దపు పండితుడు జూ షీ పెట్టిన పద్ధతి. అంటే నేను చదవాల్సింది ముందుగా నాలుగో గీతని, రాత్రి నేను ఎగిరి దూకిన 11వదాన్ని కాదు. నాలుగో గీత: 'పెళ్ళికూతురు గడువు దాటించింది. ఆలస్యంగా వెళ్ళినా దానికో సమయం ఉంది.' ఆలస్యం అమృతం విషం అని పెరిగినదాన్ని, నాకిది మింగుడు పడలేదు. ఆగితే అతను చేజారిపోతాడన్న భయం ఒకటి లోపల ఉందని అప్పుడే ఒప్పుకున్నాను. ఆ భయానికే సంతోషమని పేరు పెట్టుకున్నాను.

'సమయం ఉంది' అన్న ముక్క మీద ఆంటీ వేలు పెట్టి ఆగింది. ఊరికే ఆగమని కాదు దాని అర్థం. దేనికోసం ఆగుతున్నావో తెలిసి ఆగు, అది వచ్చిందో లేదో తెలుసుకునే గుర్తు పెట్టుకో అని.

మరి 'శాంతి' సంగతి? అది బహుమతి కాదట. ఆ రెండు గీతలూ నిజంగా మారితే వచ్చే బొమ్మ. మూడో గీత యాంగ్ అయితే తన చోటికి వస్తుంది, నాలుగో గీత యిన్ అయితే అదీ తన చోటికి వస్తుంది. థాయ్‌లో తేలికైన ఆకాశం కింద ఉండి పైకి లేస్తుంది, బరువైన భూమి పైన ఉండి కిందికి దిగుతుంది, రెండూ మధ్యలో కలుస్తాయి. ఇద్దరూ కదలాలి. నా కాగితంలో కదులుతున్నది ఒక్క ఎడమవైపే. మూడో గీతలోని పిల్ల 'తీ'గా వెళ్ళిపోతే ఆ గీత మారనే మారదు, శాంతి రాదు. చివరి హెక్సాగ్రామ్ బాగుంది కదా అని మధ్యలో హెచ్చరికని దాటేయడం కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పంది ఆవిడ. మనసు దేనిమీదికి పరుగెడుతోందో గమనిస్తే ఆ తప్పు పట్టుకోవచ్చు. నిజమే, తీర్పు వాక్యం మీద నేను పది సెకన్లు కూడా నిలవలేదు.

ఆ మధ్యాహ్నం నోటీసు పంపలేదు. అతనికి మూడు విషయాలు చెప్పాను. ఆరు నెలలు ఆగుదాం. నేను మానేసే బదులు వేరే టీమ్‌కి మారతాను, హెచ్‌ఆర్‌తో ఇద్దరం కలిసి మాట్లాడదాం. ఈలోగా మీ అమ్మగారికి మీరు, మావాళ్ళకి నేను చెబుదాం. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'నా మీద నమ్మకం లేదా?' అన్నాడు. ఆ ప్రశ్నకి నేను ఏడ్చాను కూడా. నమ్మకం ఉంది, అందుకే చెబుతున్నాను అన్నాను.

టీమ్ మార్పు తేలిగ్గానే అయింది, రెండు నెలలు పట్టింది. ఇంత సులువైన పనికి నేను ఉద్యోగమే వదిలేయబోయాను. మా అమ్మకి చెప్పడం మాత్రం కష్టమైంది. వయసు తేడా విని, 'ఏం చూశావే అతనిలో?' అని, వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత తనే ఫోన్ చేసి, 'వాళ్ళమ్మకి తెలుసా?' అని అడిగింది. తెలియదు. వచ్చే వారం, దసరాకి, ఆరోగ్యం కుదుటపడ్డాక అంటూ ఆ మాట జరుగుతూనే ఉంది. దసరాకి నాకు మంచి పట్టుచీర కొన్నాడు. ఐదో గీత గుర్తొచ్చింది నాకు: షాంగ్ వంశపు రాజు తీ యీ తన ఇంటి పిల్లకి పెళ్ళి చేసి పంపినప్పుడు, ఆ రాకుమారి బట్టల చేతుల అంచులు వెంట వెళ్ళిన 'తీ' బట్టల చేతుల అంచులంత అందంగా లేవట. అక్కడ స్థానం ఉన్నది సాదా బట్టల్లో ఉన్న పిల్లకి.

ఐదో నెలలో ఒక శనివారం అతని ఇంట్లో ఉన్నాను. ఉల్లిపాయలు తరుగుతున్నాను. హైదరాబాద్ నుంచి వాళ్ళమ్మగారి వీడియో కాల్ వచ్చింది. వెనకాల నేను కనపడినట్టున్నాను, 'ఎవర్రా అక్కడ?' అన్నారు. నేను కత్తి కింద పెట్టి చేతులు తుడుచుకున్నాను. గుండె దడదడలాడింది, ఇప్పుడు చెబుతాడని. అతను ఫోన్ నా వైపు తిప్పి, 'మా ఆఫీసులో జూనియర్ అమ్మా, మన గోదావరి వైపు అమ్మాయే, వంట బాగా చేస్తుంది' అన్నాడు. నేను నమస్తే చెప్పాను. ఆవిడ ఆప్యాయంగా నవ్వి, భోంచేశావా అమ్మా అని అడిగారు.

కాల్ అయ్యాక అతను, 'నెమ్మదిగా చెబుతాలే' అన్నాడు. మిగిలిన ఉల్లిపాయలు తరిగి, కూర పొయ్యి మీద పెట్టి, ఉప్పు చూసి, నేను వెళ్తున్నానని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను, కోపం లేకుండానే. అతనికి అర్థమైంది. ఆపలేదు.

ఇంటికి వచ్చాక డైరీలోంచి ఆ గురువారం నాటి కాగితం తీశాను. ఆంటీ పెట్టిన పెన్సిల్ చుక్కలు కొంచెం చెరిగాయి. మూడో గీత పక్కన ఆ రోజు తారీఖు వేసి, కింద 'జూనియర్' అని రాశాను.